నీ కడుపు చల్లగా



ఈ వారం వాక్యానికి ముందు ఒక కథ చెప్తాను. కథ అంటున్నాను గానీ ఇది మన సంఘంలో జరిగిందే. ఆ మామ్మగారిని అడిగే రాస్తున్నాను. "రాయండి అయ్యగారూ, నా పేరు మాత్రం పెట్టకండి, అమెరికా దాకా నవ్వుతారు" అన్నారు. ఆవిడకి ఇంగ్లీషు నేర్పిన మనవరాలిని దీవెన అని పిలుద్దాం. అసలు పేరు వేరే గానీ, అది కూడా మన ఇళ్లలో పెట్టుకునే అర్థమున్న పేరే. ఆ సంగతి ముందుముందు అవసరం పడుతుంది.

మామ్మగారికి డెబ్భై దాటాయి. బడికి వెళ్లలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో తనకి కంఠతా వచ్చిన పాటల మీద వేలు పెట్టి, ఏ మాట ఎక్కడుందో వెతుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నారు. తర్వాత బైబిలు చదివారు. పెద్దకొడుకు ఊళ్లోనే వ్యవసాయం. చిన్నకొడుకు అమెరికాలో మిన్నెసోటా అనే చోట ఉంటాడు. అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికి వీళ్లెవరూ వెళ్లలేకపోయారు. కోడల్ని మామ్మగారు ఫోన్‌లోనే చూశారు.

శనివారం పొద్దున్న ఏడింటికి, అంటే అక్కడ శుక్రవారం రాత్రి, వీడియో కాల్ వస్తుంది. మధ్యలో కొడుకు కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్తాడు. ఒకరోజు మామ్మగారు నా దగ్గర వాపోయారు.

"అయ్యగారూ, నేను పది ముక్కలు చెప్తే వాడు రెండు ముక్కలు చెప్తాడు. ఆ పిల్ల బోలెడంత మాట్లాడుద్ది, 'బాగున్నావా అంటోందమ్మా' అంటాడు. మిగతాదంతా ఎక్కడికి పోతోంది?"

నాకు నవ్వొచ్చింది. కానీ ఆవిడ నవ్వలేదు. ఆ ముందు ఏడాది కోడలికి నాలుగో నెలలో గర్భం పోయింది. అప్పుడు మామ్మగారు ఫోన్ ముందు కూర్చుని అరగంట ఏడ్చి, ఎన్నో చెప్పారట. కొడుకు దాన్నంతా భార్యకి ఒక్క మాటలో చెప్పాడట. "నా ఏడుపులో ఒక్క మాటే చేరింది అయ్యగారూ. అందుకే ఇంగ్లీషు నేర్చుకోవాలి" అన్నారు.

గురువు దీవెన. ఇంటరు రెండో ఏడు చదువుతోంది. పాఠ్యపుస్తకం దాని ఫోన్. అందులో అనువాదం చేసే యాప్ ఉంది. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు పెట్టి, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే, మన మాట తెలుగు అక్షరాల్లో పడుతుంది, దాని కింద ఇంగ్లీషు వస్తుంది, స్పీకర్ బొమ్మ నొక్కితే పైకి చదువుతుంది. అలా వచ్చిన మాటల్ని మామ్మగారు స్త్రీల కూడిక నోటుపుస్తకం వెనక పేజీల్లో తెలుగు అక్షరాల్లో రాసుకునేవారు. ముందు పేజీల్లో కానుకల లెక్క, వెనక పేజీల్లో 'హౌ ఆర్ యు'.

మొదటిరోజే తంటా వచ్చింది. "చేపల పులుసు పెట్టాను" అన్నారు మామ్మగారు. మొన్నే రెండు పళ్లు తీయించుకున్నారు, మాట కొంచెం జారుతుంది. ఫోన్‌కి పులుసు కాస్తా పోలీసులా వినపడింది. 'ఫిష్ పోలీస్' అంది. దీవెన పొట్ట పట్టుకుని నవ్వింది. మామ్మగారికి కోపం వచ్చి, "ఎందుకే ఆ నవ్వు, నా బుర్ర తినేస్తున్నావ్" అన్నారు. మైకు ఇంకా తెరిచే ఉంది. 'యు ఆర్ ఈటింగ్ మై బ్రెయిన్' అని గట్టిగా చదివింది ఫోన్. అర్థం తెలిశాక మామ్మగారూ నవ్వారు. "దీనికి వేళాకోళం కూడా తెలీదే" అన్నారు.

రెండో శనివారం కొడుకు వంటగదిలో ఉండగా కోడలితో తనే మాట్లాడారు. మొదటి ప్రశ్న ఏముంటుంది, మనకి ఎవరు కనపడినా అడిగేదే. "తిన్నారా?" కోడలు చిన్నదే అయినా, పరాయి దేశం పిల్ల కదా అని మర్యాదగా అడిగారు. ఫోన్ 'డిడ్ దే ఈట్?' అంది. కోడలు వెనక్కి తిరిగి చూసి, "హూ?" అంది. ఆ మాట తెలుగులోకి "ఎవరు?" అని వచ్చింది. మామ్మగారు కంగారుపడి, "నువ్వు తిన్నావా అంటే ఎవరు అంటుందేంటే, ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

తప్పు ఎవరిదీ కాదు. తెలుగులో 'మీరు తిన్నారా' అన్నా, 'వాళ్లు తిన్నారా' అన్నా క్రియ ఒక్కటే. మనం ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ అడుగుతాం కాబట్టి 'మీరు' అని విడిగా చెప్పం. ఫోన్‌కి ఎదురుగా ఉన్న మనిషి కనపడదు. అందుకని ఎవరినో ఒకరిని ఊహించుకుంటుంది.

ఇంకోరోజు కోడలు, మీకు ఇంగ్లీషు ఎవరు నేర్పుతున్నారు అని అడిగింది. "దీవెన నేర్పుతోంది" అన్నారు. ఫోన్ ఆ పేరుని పేరులా చూడలేదు, మాటలా చూసింది. ఒక ఆశీర్వాదం నాకు ఇంగ్లీషు నేర్పుతోంది అనే అర్థంలో చెప్పింది. కోడలు గుండె మీద చెయ్యి వేసుకుని, ఎంత చక్కటి మాట అంది. ఆ ఊపులో మామ్మగారు, "అది రోజూ ఎనిమిదైనా లేవదు, ఒళ్లు బద్ధకం" అన్నారు. ఆశీర్వాదం ఎనిమిదింటిదాకా నిద్రపోతుందని విని ఆ అమ్మాయి ఏమనుకుందో దేవునికే తెలియాలి.

ఇలా నడుస్తుండగా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మామ్మగారు నా దగ్గరకి వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది.

"అయ్యగారూ, కోడలు ఏదో ఆశిస్తోందట."

"ఏమాశిస్తోంది మామ్మగారూ?"

"అదే చెప్పలేదు. 'నేను ఆశిస్తున్నాను' అంది. అని సిగ్గుపడింది. పెళ్లికి గాజులు చేయించలేదని మనసులో ఉంచుకుందేమో. ఉన్న రెండు గాజులూ పంపించేద్దామనుకుంటున్నాను. ఎలా పంపాలి?"

దీవెన ఫోన్ తీసి చూపించింది. కోడలు పలికిన ఇంగ్లీషు తెర మీద అలాగే ఉంది. 'ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్.' ఇంగ్లీషులో గర్భవతిని అని నెమ్మదిగా చెప్పుకునే పద్ధతి అది. మనం 'నెల తప్పింది' అంటాం, ఆ మాటని ముక్కముక్కగా ఇంగ్లీషులో పెడితే క్యాలెండర్లో ఏదో పొరపాటు జరిగిందనుకుంటారు. ఇదీ అంతే. నేను చెప్పగానే మామ్మగారు గుడి మెట్ల మీదే కూర్చుండిపోయారు. కాసేపటికి పైట చెంగుతో కళ్లు తుడుచుకున్నారు.

ఇక్కడ నేనొక పని చేశాను. దాన్ని నేను ఒప్పుకోవాలి.

ఇలాంటి పొరపాట్లు మళ్లీ రాకుండా ఒక ఉపాయం చెప్పాను. ఆ యాప్‌లో రెండు భాషల మధ్య రెండు బాణాలుంటాయి. మన మాట ఇంగ్లీషులోకి వచ్చాక ఆ బాణాలు నొక్కితే, వచ్చిన ఇంగ్లీషు మళ్లీ తెలుగులోకి తిరుగుతుంది. "తిప్పి చూడండి మామ్మగారూ. మీరన్నదే మీకు తిరిగొస్తే మాట సరిగ్గా వెళ్లినట్టు. వేరేది వస్తే తప్పు పోయినట్టు" అన్నాను. నిజంగానే ఆ ఉపాయం పనిచేస్తుంది. తిన్నారా అన్నది 'వాళ్లు తిన్నారా' అని తిరిగొచ్చింది. పులుసు పోలీసుగా తిరిగొచ్చింది. ఇంగ్లీషు రానివాళ్లకి ఇంతకంటే మంచి మార్గం లేదనుకున్నాను.

మరుసటి శనివారం మామ్మగారు తలంటుకుని, బైబిలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. కోడలు తెర మీదకి రాగానే, మన అమ్మలు, అమ్మమ్మలు కడుపుతో ఉన్న పిల్లల్ని ఏమని దీవిస్తారో అదే అన్నారు. "నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ."

నేను చెప్పినట్టే, వినిపించే ముందు తిప్పి చూశారు. 'నీ కడుపు చల్లగా ఉండాలి' అని పొల్లుపోకుండా తిరిగొచ్చింది. ధైర్యంగా స్పీకర్ బొమ్మ నొక్కారు.

కోడలి ముఖంలో రంగు మారిపోయింది. ఏమీ అనలేదు. తెర నల్లబడింది.

ఆ రాత్రి కొడుకు ఫోన్ చేశాడు. "ఏమన్నావమ్మా తనతో? తను ఏడుస్తోంది" అన్నాడు. దీవించానురా అంటే నమ్మలేదు. ఏ మాటతో దీవించావు అని అడిగే ఓపిక వాడికి లేదు, చెప్పే ఓపిక ఈవిడకి లేదు. తర్వాతి శనివారం కాల్ రాలేదు. ఆ పైవారం కూడా రాలేదు. నోటుపుస్తకంలో వెనక పేజీలు చింపి పొయ్యిలో పెట్టారని దీవెన వచ్చి నాతో చెప్పింది.

నేను వెళ్లాను. దీవెన ఫోన్‌లో పాత మాటలన్నీ వరుసగా దాచి ఉన్నాయి. ఆ శనివారం మాట తీసి చూశాను. నీ పొట్ట చల్లబడి ఉండాలి, కోల్డ్‌గా ఉండాలి అనే అర్థంలో ఇంగ్లీషు ఉంది.

ఒక్కసారి ఆ అమ్మాయి వైపు నుంచి చూడండి. ఆమెది జనవరిలో సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి కూడా దిగే చోటు. చెరువులు గడ్డకట్టి వాటి మీద మనుషులు నడుస్తారు. అక్కడ చల్లబడడమంటే ప్రాణం పోవడమే. బతకాలంటే వెచ్చగా ఉండాలి. పైగా ఏడాది క్రితమే ఆ కడుపులో ఒక బిడ్డ చల్లబడిపోయింది. అటువంటి పిల్లకి అత్తగారు ఫోన్‌లో నీ కడుపు చల్లబడాలి అని చెప్పినట్టయింది.

మనం రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లం. మనకి చల్లదనం అంటే చెట్టు నీడ, కుండలో నీళ్లు, బతుకు. 'చల్లగా ఉండు నాయనా' అంటే క్షేమంగా ఉండు అని. కడుపు చల్లగా ఉండాలంటే ఆ కడుపున పుట్టిన, పుట్టబోయే పిల్లలకి ఏ కష్టమూ రాకూడదని. ఆ అర్థం ఆ మాటల్లో లేదు, మన ఎండల్లో ఉంది. ఫోన్ మాటల్ని తీసుకెళ్లింది. ఎండని తీసుకెళ్లలేకపోయింది.

మరి తిప్పి చూసినా తప్పు ఎందుకు దొరకలేదు? నేను అక్కడే కూర్చుని ఆలోచించాను. పులుసు పోలీసు అయినప్పుడు మాటే మారిపోయింది కాబట్టి తిరిగొచ్చేటప్పుడు బయటపడింది. ఇక్కడ ఒక్క మాట కూడా మారలేదు. కడుపు కడుపుగానే వెళ్లింది, చల్లన చల్లనగానే వెళ్లింది. అలాగే తిరిగొచ్చింది. తిరిగొచ్చిన తెలుగుని చదివింది మళ్లీ మన మామ్మగారే. ఆవిడకి అందులో దీవెనే కనపడింది. అవతలి మనిషికి ఏం వినపడిందో చెప్పగలిగేది అవతలి మనిషి ఒక్కరే. నేను నేర్పిన ఉపాయం మాట తప్పుని పట్టుకుంటుంది, ఇలాంటి తప్పుని మాత్రం సరిగ్గా ఉందని ముద్ర వేసి పంపిస్తుంది. ఆ ముద్ర చూసే ఆవిడ ధైర్యంగా స్పీకర్ నొక్కారు. కాబట్టి ఆ కన్నీళ్లలో నా వంతూ ఉంది. మామ్మగారితో అదే చెప్పి క్షమాపణ అడిగాను.

"మీరేం చేస్తారు లెండి అయ్యగారూ. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి" అన్నారు.

ముగ్గురం కూర్చున్నాం. సామెతలు, జాతీయాలు ఏమీ లేకుండా, ఎవరు ఎవరికి అన్నది వదలకుండా, ఒక్కో సంగతికి ఒక్కో చిన్న వాక్యం తయారుచేశాం. "నువ్వు నా కూతురివి. నేను నిన్ను దీవించాను. ఫోన్ ఆ దీవెనని తప్పుగా చెప్పింది. మా ఊరిలో ఎండ చాలా ఎక్కువ. అందుకే మేము చల్లదనాన్ని మంచిదిగా చూస్తాము. నువ్వూ నీ బిడ్డా క్షేమంగా ఉండాలని నేను రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను." మూడో వాక్యంలో 'దీవెన' అన్నప్పుడు మనవరాలు, "అది నేను కాదని ఎలా తెలుస్తుంది?" అంది. ఆ ఇంట్లో పదిహేను రోజుల తర్వాత వినపడిన మొదటి నవ్వు అదే.

ఇంగ్లీషులోకి వచ్చినదాన్ని నేను చదివి చూశాను. నా ఇంగ్లీషు సెమినరీలో డిప్లొమాకి చదివినంత ఇంగ్లీషే. అది చాలదనిపించి కొడుక్కి కూడా పంపించి, నీ భార్యకి ఇది ఎలా వినపడుతుందో నువ్వే చెప్పు అని అడిగాం. అతను చదివి చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత, "అయ్యగారూ, ఆ రోజు అమ్మ అన్నది కడుపు చల్లగా అనా?" అని రాశాడు. చిన్నప్పటి నుంచి విన్న మాటే కదా, అతనికి వివరం అక్కర్లేకపోయింది.

శనివారం కాల్ వచ్చింది. మామ్మగారు ఫోన్‌ని పక్కన పెట్టేసి, అచ్చంగా తన నోటితో, పొయ్యిలో పోగా మిగిలిన ఇంగ్లీషుతో, "యు, మై డాటర్. ఐ ప్రే. యు సేఫ్. బేబీ సేఫ్" అన్నారు. వ్యాకరణం ఏమీ లేదు. అవతల ఆ అమ్మాయికి ఒక్క మాట కూడా తప్పిపోలేదు.

ప్రియులారా, సెమినరీలో మాకు కొంచెం గ్రీకు చెప్పారు. మత్తయి సువార్త 9వ అధ్యాయం 36వ వచనంలో యేసు ప్రభువు జనసమూహాన్ని చూసి కనికరపడ్డాడని చదువుతాం. లూకా 15లో తప్పిపోయిన కొడుకుని దూరాన చూసిన తండ్రి గురించి కూడా అదే మాట. అక్కడ గ్రీకులో ఉన్న క్రియ 'స్ప్లాంఖ్న' అనే మాట నుంచి వచ్చింది. స్ప్లాంఖ్న అంటే కడుపులోని పేగులు. పాత నిబంధనలో దేవుని వాత్సల్యానికి హీబ్రూలో వాడే 'రహమీమ్' అనే మాట, తల్లి గర్భాన్ని చెప్పే 'రెహెమ్' అనే మాట ఒకే కుదురులోవి. లేఖనాల్లో కనికరం పుట్టేది కడుపులోనే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో ఆ గ్రీకు మాటని నేరుగా పేగులు అనే పెట్టారు. ఆ కాలపు ఇంగ్లీషువాళ్లకి ఆ మాటలో జాలి వినపడేది. ఇప్పటివాళ్లకి ఆసుపత్రి గుర్తొస్తుంది. అందుకే తర్వాతి అనువాదకులు మార్చారు. మాట అలాగే ఉంది, వినేవాళ్లు మారారు.

నాకు ఈ సంగతి తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా. అయినా నా సంఘంలో ఒక మామ్మగారు కడుపు గురించి మాట్లాడినప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. కొన్నేళ్ల క్రితం మన కూడికకి కొత్తగా వచ్చిన ఒక కూలి అన్న, నేను గొర్రెపిల్ల రక్తంలో కడగబడాలని అరగంట చెప్పాక, బయట నన్ను ఆపి, "రక్తంతో కడిగితే మరక పడదా అండీ?" అని అడిగాడు. నేను నవ్వేసి, తర్వాత చెప్తాలే అన్నాను. అతను మళ్లీ రాలేదు. ఆ రోజు నా ప్రసంగం మీకందరికీ సరిగ్గానే వినపడింది, అందరూ ఆమేన్ అన్నారు. మీ ఆమేన్లే నాకు ఆ రెండు బాణాలు. నా మాట మీ నోటి నుంచి నాకు పొల్లుపోకుండా తిరిగొచ్చింది, సరిగ్గా వెళ్లిందనుకున్నాను. వెళ్లిందో లేదో చెప్పగలిగిన ఒక్క మనిషి అడిగిన ప్రశ్నకి నేను నవ్వాను. అతను ఇప్పుడు పక్క ఊళ్లో ఉంటున్నాడని తెలిసింది. ఈ వారం వెళ్లి, ఆలస్యంగానైనా జవాబు చెప్పి వద్దామనుకుంటున్నాను.

కథ పూర్తి చేస్తాను. మిన్నెసోటాలో పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. మొన్న శనివారం కాల్‌లో మామ్మగారికి పొలమారి దగ్గు వచ్చింది. కోడలు కంగారుపడి, ఫోన్ సాయం లేకుండా, ఎప్పుడు నేర్చుకుందో ఏమో, తెలుగులో అంది. "అట్టయ్యా, మీ కడుపు చల్లగా!"

చిన్నవాళ్లు పెద్దవాళ్లని అలా దీవించరు. దగ్గుకి ఆ మాట వాడరు. అక్షరానికి అక్షరం తప్పే.

"సరిగ్గా చెప్పింది అయ్యగారూ" అన్నారు మామ్మగారు.

ప్రార్థన: కనికరంగల తండ్రీ, మా నోటి మాట అవతలివారి చెవిలో ఏమవుతుందో నీకు తెలుసు, మాకు తెలియదు. అడిగి తెలుసుకునే ఓపిక, వాళ్లు అడిగినప్పుడు నవ్వకుండా జవాబు చెప్పే మనసు మాకు ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.